ఎవడ్రా నీకు బావ?

విజయవాడ పటమటలోని మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు కొత్తగా అద్దెకు దిగిన ఒక యువకుడు, గత నెలలో ఒకనాటి ఉదయం నా కారు పక్కన నిలబడి, "ఏంటి బావా, బండి కొంచెం గోడ వైపు జరిపితే నాది కూడా పట్టేస్తుంది" అన్నాడు. నా వయసు 58. అతనికి 30 దాటి ఉండవు. అంతకుముందు మేమిద్దరం లిఫ్టులో రెండుసార్లు ఒకరి చెప్పులను ఒకరం చూసుకున్న మాట నిజమే గాని, అంతమాత్రాన చుట్టరికం కలుస్తుందని నేను అనుకోలేదు.

నేను తెనాలి దగ్గరి పల్లెలో పుట్టినవాడిని. వరస తేల్చుకోకుండా పిలుపుకు పలకడం మా ఇంట్లో నేర్పలేదు. అందువల్ల కారు తాళాలు చేతిలో పట్టుకునే, ఈ బాంధవ్యం నాకు ఏ వైపు నుంచి సంక్రమించిందో విచారణ ప్రారంభించాను. నేను అతనికి బావను కావాలంటే అతని అక్కను నేను పెళ్లి చేసుకుని ఉండాలి. మా ఆవిడకు తమ్ముళ్లు లేరు, ఉన్నవాళ్లు ఇద్దరూ చెల్లెళ్లే. పోనీ మా చెల్లెలిని అతను చేసుకుని ఉండాలి. ఆమెకు 54 ఏళ్లు, తెనాలిలో మనవడిని ఆడించుకుంటోంది, భర్త దిట్టంగా ఉన్నాడు. అదీ కాకపోతే అతను నా మేనత్త కొడుకో మేనమామ కొడుకో అయి ఉండాలి. మేనత్తకు అందరూ ఆడపిల్లలు, మేనమామకు సంతానం లేదు. కాబట్టి నేను చాలా మర్యాదగా, "బాబూ, మీది ఏ ఊరు, మీ అమ్మగారి పుట్టింటివారెవరు?" అని అడిగాను. అతను ఫోను చూసుకుంటూ, "లైట్ తీసుకో మామా" అన్నాడు.

పాఠకులు ఇక్కడ కాస్త ఆగాలి. నిమిషం క్రితం బావనైన నేను ఇప్పుడు మామనయ్యాను. అంటే ఒక తరం పైకి జరిగాను, కారు మాత్రం ఇంకా జరగలేదు. మామ అంటే తల్లికి సోదరుడు, లేదా మేనత్త భర్త, లేదా పిల్లనిచ్చినవాడు. ఒకే మనిషి ఒకే మనిషికి బావా మామా కూడా అయ్యే మార్గం మన వరసల్లో లేకపోలేదు. అక్క కూతురిని పెళ్లి చేసుకుంటే అక్క మొగుడైన బావగారే పిల్లనిచ్చిన మామగారవుతాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇంత దగ్గరి సంబంధాన్ని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట చేసుకోవచ్చని వదిలిపెట్టింది కూడా. అయితే నాకున్నది ఒక్కడే కొడుకు. ఈ సంగతి విన్నవిద్దామని నేను నోరు తెరిచేలోగా ఆ యువకుడు, "థాంక్స్ బ్రో" అని వెళ్లిపోయాడు. అప్పటికి నేను కారు జరిపేశాను, అది వేరే విషయం. కాని బ్రో అంటే సోదరుడు కదా! పెదనాన్న పిల్లలు, పెద్దమ్మ పిల్లలు అన్నదమ్ముల వరస. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు బావామరదుల వరస. ఒక వరసలో పెళ్లి ముచ్చటే ఎత్తకూడదు, రెండో వరసలో పుట్టిన రోజు నుంచే ఎత్తుతారు. ఈ రెండింటినీ విడదీసి ఉంచడానికే మన పూర్వులు ఇన్ని మాటలు పెట్టుకుంటే, ఇతను మూడడుగుల పార్కింగ్ స్థలం కోసం అన్నింటినీ కలిపి పచ్చడి చేశాడు.

నేను ఛాందసుడినని అనుకోవద్దు. గుంటూరులో చదువుకునే రోజుల్లో నాకూ బావలు ఉండేవారు. వారిలో ఎవరికీ నా చెల్లెలి పేరైనా తెలియదు. స్నేహితుడిని అన్నా అనకుండా బావా అనడంలో ఒక తెలివి ఉంది. అన్నను ఆట పట్టించడానికి వీల్లేదు, బావను ఆట పట్టించకపోవడమే తప్పు. పెళ్లిపందిట్లో చెప్పులు దాచేది బావవే, పాయసంలో ఉప్పు పడేది బావకే. ఆ ఎకసెక్కాల హక్కును చుట్టరికం నుంచి అరువు తెచ్చుకుని స్నేహానికి తొడిగారు. అందుకు ముందు ఒకరి చొక్కా ఒకరు వేసుకోవాలి, ఒకరి బాకీ ఒకరు ఎగ్గొట్టాలి, కనీసం ఏడాది పట్టేది. ఆ పిలుపూ మగవాడు మగవాడిని పిలిచినంతవరకే చెల్లుతుంది. ఎదురు ఫ్లాటు ఇల్లాలు నన్ను "ఏంటి బావా" అంటే ఆ సాయంత్రమే అపార్ట్‌మెంటు కమిటీ అత్యవసరంగా సమావేశమవుతుంది.

ఇక ఏంటి అనే మాట. ఏమిటి అన్నదే కృష్ణా తీరంలో ఏంటి అయింది, పల్నాడు వైపు ఏంది అయింది, శ్రీకాకుళం చేరేసరికి ఏటి అయింది. ఇది ప్రశ్న కాదని, దీనికి "ఏముంది" అనో, తిరిగి "ఏంటి" అనో అంటే సరిపోతుందని అందరికీ తెలుసు. తెలియక ఎవరైనా తన మోకాలి నొప్పి గురించి చెప్పడం మొదలుపెడితే ఆ మనిషి మళ్లీ ఎవరి పలకరింపుకూ నోచుకోడు.

మా వాచ్‌మన్ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. వయసు 65 ఉంటుంది. మెట్ల కింది గదిలో భార్యతో ఉంటాడు. మొన్న ఒక సాయంత్రం ఈ యువకుడు సంచులు మోసుకుని వస్తుంటే ఎదురెళ్లి, "ఏటి బావూ, నానట్టుకుంటాను, ఇలాగియ్యి" అన్నాడు. ఆ యువకుడు సంచులు కింద పెట్టి, అందరూ వినేటట్టు, "ఎవడ్రా నీకు బావ?" అన్నాడు.

ఆ ప్రాంతంలో బాబు అన్న మాటను బావు అని పలుకుతారని, అది బావ కాదని, చిన్నవాడినైనా ఆదరంగా పిలిచే పిలుపని నేను కల్పించుకుని చెప్పాను. చెప్పినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. బావా అనే అన్నాడనుకుందాం, అంటే ఏమవుతుంది? హెల్మెట్ లేకుండా బెంజ్ సర్కిల్‌లో పట్టుబడితే కానిస్టేబుల్ ఇతనికి బావ. స్థలాలు అమ్మే దళారి బావ. ముక్కూమొహం తెలియని నేను బావను, మామను, సోదరుడిని. మెట్ల కింద ఉండే ముసలివాడు అనేసరికి మాత్రం పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధం గుర్తుకొచ్చింది! ఆ మాటకు అర్థం లేదని, ఊరికే అంటారని నాకు చెప్పినవాడి నోటికి, ఆ మాట ఎక్కడిదాకా వెళ్లవచ్చో, ఎక్కడ ఆగిపోవాలో చక్కగా తెలుసు. మా ఊళ్లోనూ ఇంతే. కుమ్మరి మామ ఉండేవాడు, మంగలి బాబాయ్ ఉండేవాడు, మాలపల్లె దగ్గరకు వచ్చేసరికి వరసలన్నీ అయిపోయేవి. అక్కడి తాతల వయసు వాళ్లను పదేళ్ల పిల్లలు ఒరేయ్ అని పిలిచేవారు, వాళ్లు అయ్యా అని పలికేవారు. ఆ పదేళ్ల పిల్లల్లో నేనూ ఒకడిని. నన్ను ఎవరూ చెంప పగలగొట్టలేదు. కొట్టవలసింది.

ఆ మర్నాడు ఉదయం నేను కిందకు దిగి, అప్పటిదాకా వాచ్‌మన్ అనే పిలిచిన ఆ మనిషిని "బాబాయ్" అన్నాను. ఆయన చీపురు పక్కన పెట్టి, తలపాగా తీసి, "ఏటి సార్, మోటారెయ్యాలా?" అన్నాడు. నిన్నటివరకు నన్నూ బావూ అనేవాడు.