తలంబ్రాల షాట్ జోలికి స్టెబిలైజర్‌ని పోనివ్వకండి

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లలో చాలామందికి ఒక అలవాటు ఉంది. టైమ్‌లైన్ మీద క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, కెమెరా కుదుపు తగ్గించే స్టెబిలైజ్‌ని ఒకేసారి కొట్టేస్తారు. ఇది నాకు అస్సలు నచ్చదు. కొన్ని షాట్లకు అది మేలు చేస్తుంది, కొన్నింటిని పాడు చేస్తుంది.

తలంబ్రాల షాట్ చూడండి. వధూవరుల చేతులు తలల పైకి లేస్తాయి, దోసిళ్లు ఫ్రేమ్ పై అంచుకు ఆనుకుని ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కుదుపు తగ్గించడానికి ప్రతి ఫ్రేమునూ కెమెరా ఊగిన దిక్కుకు ఎదురు జరుపుతుంది. అలా జరిపితే అంచుల్లో నల్లటి ఖాళీ తేలుతుంది, దాన్ని కప్పడానికి జూమ్ చేస్తుంది. 12 శాతం జూమ్ అంటే 1920×1080 బొమ్మలో మిగిలేది సుమారు 1714×964. పైన ఒక 58 పిక్సెళ్లు పోయాయి. దోసిళ్లు ఉన్నది సరిగ్గా అక్కడే! పైగా చుట్టూ బంధువులు అక్షింతలు వేస్తూ చేతులు ఊపుతుంటే, ఆ కదలికను కూడా కెమెరా కదలికే అనుకుని మండపం మొత్తాన్ని మెల్లగా పక్కకు జరిపేస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు బ్లర్. ఫంక్షన్ హాల్ వెలుతురులో షట్టర్ 1/50 సెకను దగ్గర ఉందనుకోండి. ఆ కాస్త సమయంలో కెమెరా గట్టిగా కదిలితే ఆ ఫ్రేములోనే ముఖాలు అలుక్కుపోతాయి. స్టెబిలైజర్ ఫ్రేముని జరపగలదు కానీ ఆ బ్లర్‌ని చెరపలేదు. కుదుపు కనిపిస్తున్నంతసేపు ఆ బ్లర్ కంటికి సహజంగానే అనిపిస్తుంది. బొమ్మని కదలకుండా నిలబెట్టారంటే, ముఖాలు ఉండుండి మసకబారి ఫోకస్ పోయినట్టు కనిపిస్తాయి. అందుకే ముందు కుదుపు ఉన్న చోట ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. కనురెప్పలు గీతల్లా సాగి ఉంటే ఆ క్లిప్‌ని వదిలేయండి.

మరి స్టెబిలైజ్ చేసి ఇలా అంచులు క్రాప్ చేయడం ఎక్కడ పనికొస్తుంది? తాతయ్య, అమ్మమ్మ కుర్చీల్లో కూర్చున్న షాట్ 4కెలో ఉంది, ఫైనల్ వీడియో 1080లో ఇస్తున్నారు. వణుకు కెమెరామన్ ఊపిరి వల్ల వచ్చినంతే. చుట్టూ ఖాళీ గోడ. 3840 వెడల్పుని ఎలాగూ సగానికి తగ్గిస్తారు కాబట్టి 12 శాతం జూమ్ చేసినా స్పష్టత తగ్గదు. ఇలాంటిచోట నిస్సంకోచంగా కోయండి.

డావించి రిజాల్వ్‌లో నేనైతే ముందు Zoom టిక్ తీసేసి ప్లే చేస్తాను. నల్లటి అంచులు లోపలికి ఎంతవరకు వస్తున్నాయో కళ్లముందే కనిపిస్తుంది. అవి ఖాళీ గోడనే తాకితే Zoom పెట్టేస్తాను. చేతినో ముఖాన్నో తాకితే Cropping Ratio పెంచి చూస్తాను. అది 1కి దగ్గరయ్యేకొద్దీ కోత తగ్గుతుంది, స్థిరత్వమూ తగ్గుతుంది. అప్పటికీ చేతులు తెగుతుంటే ఒరిజినలే ఉంచుతాను. కుదుపు మరీ ఎక్కువగా ఉన్న ముక్క మీద రెండో కెమెరా షాట్ వేసి, కింద మంగళవాయిద్యాల ఆడియో మాత్రం తెగకుండా నడిపిస్తాను.