ఎనభై కోపెక్కుల టోపీ

దొస్తయేవ్‌స్కీ 1866లో రాసిన ‘నేరం-శిక్ష’ను అందరూ హత్య నవల అనుకుంటారు. బెంగళూరు మారతహళ్లి పీజీలో కూర్చుని మూడోసారి చదివాక ఈ అపోహ తొలగించడం నా బాధ్యత అనిపించింది. అది పీజీ నవల. మొదటి పేజీలోనే కథానాయకుడు రస్కోల్నికోవ్ అద్దె బాకీపడి, అయిదంతస్తుల మేడ పైన అల్మారా అంత గదిలోంచి పిల్లిలా దిగుతుంటాడు. దారిలో ఇంటావిడ వంటగది తలుపు బార్లా తెరిచి ఉంటుంది. మా ఓనరు కూడా సరిగ్గా మెట్ల కిందే కుర్చీ వేయించుకున్నాడు.

బయటపడ్డాక ఇక భయం లేదనుకుంటాడు. అది పీటర్స్‌బర్గ్‌లో గడ్డి మార్కెట్ పేట. జనం, తాగుబోతులు, చిరుగుపాతలు. అక్కడ ఎలాంటి గుడ్డ కట్టుకున్నా తిరిగి చూసే నాథుడు లేడు. ఆ ధైర్యంతోనే చంపబోయే వడ్డీ ముసలమ్మ ఇంటికి అడుగులు లెక్కపెట్టాడు: 730. అంతలో బండిలో పోతున్న ఓ తాగుబోతు వేలు చూపించి, ‘ఓయ్, జర్మన్ టోపీవాడా!’ అని అరిచాడు. తలమీద రంగు వెలిసిన, చిల్లులుపడ్డ ఎత్తు టోపీ. అడుగులు లెక్కపెట్టుకున్న మేధావి తలమీద ఏముందో చూసుకోలేదు. హత్యకు బయల్దేరిన రోజు కూడా అదే టోపీ. ‘మొన్న డబ్బులుండి కూడా మామూలు టోపీ కొనలేదే’ అని దారిలో ఏడుపు. చివరికి స్నేహితుడు రజుమీహిన్ సెకండ్ హ్యాండ్‌ది తెచ్చిచ్చాడు, 80 కోపెక్కులకి. అప్పటికి హత్య అయిపోయింది.

ఊరొదిలి పట్నం వలస వచ్చినవాడికి అసలు ఉదాహరణ మాత్రం రస్కోల్నికోవ్ కాదు, మికోల్కా. అందరూ దాటేసే పాత్ర. రియజాన్ వైపు నుంచి ఇళ్లకి రంగులు వేయడానికి వచ్చిన కుర్రాడు. ఊళ్లో ఓ వృద్ధ గురువు దగ్గర రెండేళ్లు భక్తిగా ఉన్నాడు. పట్నంలో మందు, ఆడవాళ్లు. గురువు గుర్తే లేడు. హత్య జరిగిన మేడలో దొరికిన కమ్మలు తాకట్టుపెట్టి పట్టుబడ్డాక గురువూ, బైబిలూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చేయని హత్య చేశానని ఒప్పేసుకున్నాడు. చేసినవాడేమో ఇంకా వీధుల్లో తిరుగుతున్నాడు. మికోల్కాని శిక్ష కోరుకునేలా చేసింది ఆ మరచిన ఊరేనని దర్యాప్తు అధికారి పోర్ఫీరి లెక్క. నాకూ అదే సబబనిపించింది. మా రూమ్మేట్ కూడా శనివారం ఏం చేసినా, ఆదివారం అమ్మ ఫోన్‌లో అడక్కముందే మొత్తం కక్కేస్తాడు.

ఈ జ్ఞానంతో నిన్న సాయంత్రం ఎవరికీ తెలియని మనిషిగా సందులోకి దిగాను. బెండకాయల బండి దగ్గర గొంతు సవరించుకుని, నెలరోజులు సాధన చేసిన కన్నడంలో, ‘ఎష్టు?’ అన్నాను.

బండివాడు తూకంరాళ్లు సర్దుతూ తలెత్తలేదు.

‘కిలో అరవై అన్నా. మీది గుంటూరా, తెనాలా?’