స్టిరాయిడ్ వాడే పిల్లలు, టీకాలు
“రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకు టీకాలన్నీ ఆపేయాలి” అన్న మాట సరికాదు, ఆపాల్సింది బతికున్న టీకాలనే. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బున్న 12 కిలోల బాబుకు రోజుకు 24 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ వారాల తరబడి ఇస్తున్నారనుకోండి. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ బతికున్న టీకా, అందులోని బలహీనపరిచిన వైరస్ ఒంట్లో పెరిగితేనే పనిచేస్తుంది. మామూలు పిల్లల్లో ఆ పెరుగుదల వల్లే రక్షణ గట్టిగా, ఎక్కువ కాలం ఉంటుంది. ఈ బాబులో దాన్ని అదుపు చేసే టి కణాలు మందు వల్ల అణగి ఉంటాయి కాబట్టి టీకా వైరసే జబ్బు తెచ్చే ప్రమాదముంది. ఇంత మోతాదు 14 రోజులు దాటి వాడితే, మందు ఆపాక బతికున్న టీకాకు కనీసం నెల ఆగాలి. న్యుమోకోకల్ లాంటి టీకాల్లో బతికున్న క్రిమి ఉండదు, ఒంట్లో పెరిగేదేమీ లేదు, వాటితో ఆ భయం లేదు. కాకపోతే యాంటీబాడీలు తక్కువ రావచ్చు, డాక్టర్‌ని అడిగి తర్వాత మరో డోసు వేయించాల్సి రావచ్చు. హన్మకొండలోనైనా ములుగు పల్లెల్లోనైనా చాలామంది మరిచేది ఇంకోటుంది: పల్స్ పోలియో చుక్కల్లోని బతికున్న వైరస్ వారాల పాటు మలంలో బయటికొస్తుంది, ఇంట్లోవాళ్లకు అంటవచ్చు. అందుకే ఇంట్లో తమ్ముడికి చుక్కలు వేసే ముందు ఏఎన్ఎం అక్కకు ఈ బాబు సంగతి చెప్పి, సూది పోలియో టీకా గురించి డాక్టర్‌ని అడగండి.