గేర్‌బాక్స్ మార్పు, మానిటరింగ్: ఒకే లేఖలో రెండూ అడిగితే వచ్చే చిక్కు

చెన్నైలో మణలి వైపు ఒక ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజినీరుగా పనిచేసే మా నెల్లూరు కుర్రాడు, ప్లాంట్ మేనేజరుకి ఇవ్వబోయే లేఖ పంపి "అన్నా, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. బొగ్గును పైకి తీసుకెళ్లే ఏటవాలు కన్వేయర్, దాని గేర్‌బాక్స్ పాడవుతోంది. వైబ్రేషన్, ఆయిల్ చూస్తూ యంత్రం స్థితిని కనిపెట్టే కండిషన్ మానిటరింగ్ పెట్టండి, గేర్‌బాక్స్ మార్చండి అని రెండూ ఒకే పేరాలో అడిగేశాడు. అలా అడిగితే ఏమవుతుందో ఫ్యాక్టరీల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తక్కువ ఖర్చున్న మానిటరింగ్‌కి వెంటనే సంతకం పడుతుంది, "ముందు రీడింగులు రానీ, తర్వాత చూద్దాం" అని గేర్‌బాక్స్ వచ్చే ఏడాది బడ్జెట్‌లోకి వెళ్లిపోతుంది. కానీ విరిగిన గేరు పన్నును ఏ సెన్సరూ అతికించదు కదా. లేఖలో గేర్‌బాక్స్ ఆర్డరు ముందుండాలి, అది వచ్చేదాకా ఉన్నదాన్ని జాగ్రత్తగా నడిపించడానికే మానిటరింగ్ అని ఆ తర్వాత రావాలి.

అతని దగ్గర సాక్ష్యం లేక కాదు. మోటారు వైపు షాఫ్ట్ నిమిషానికి 1480 చుట్లు, అంటే సెకనుకి 24.7 చుట్లు తిరుగుతుంది. దాని మీద పినియన్ అనే చిన్న గేరుకి 19 పళ్లు, కాబట్టి సెకనుకి సుమారు 469 సార్లు పన్నుకి పన్ను తగులుతుంది. వైబ్రేషన్ గ్రాఫులో 469 హెర్ట్జ్ దగ్గర గీత ఉండటం మామూలే. దానికి రెండు పక్కలా 7.7 హెర్ట్జ్ ఎడంతో పిల్ల గీతలు లేచి, నెల నెలా పెరుగుతున్నాయి. 61 పళ్ల గేరు ఉన్న రెండో షాఫ్ట్ సరిగ్గా ఆ వేగంతోనే తిరుగుతుంది, అంటే ఆ గేరు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఏదో ఒకచోట తేడా పడుతోంది. షాఫ్ట్ మీద గేరు కాస్త ఎగుడుదిగుడుగా కూర్చున్నా ఇలాంటి గీతలే వస్తాయి, అందుకని బెల్టు ఆపి కవరు తీసి చూశాడు. పక్కపక్కన ఉన్న రెండు పళ్ల మీద గుంటలు, ఒకదాని అంచు విరిగిపోయి ఉంది. లేఖ మొదటి పేజీలో ఆ ఫోటో పెట్టు, గ్రాఫు వెనక జతచెయ్యి అన్నాను.

ఆయిల్ రిపోర్టు దగ్గర మాత్రం మేనేజరు అడ్డు ప్రశ్న వేయడం ఖాయం. మూడు శాంపిళ్లలో ఇనుము పీపీఎం పెద్దగా పెరగలేదు, మరి తొందరేముంది అంటారు. ల్యాబులో మామూలుగా చేసే స్పెక్ట్రోమీటర్ పరీక్షకి ఐదు, పది మైక్రాన్లు దాటిన రేణువులు సరిగ్గా కనపడవు. పన్ను ఒరుసుకుని అరిగితే సన్న రజను వస్తుంది, పెచ్చులుగా ఊడితే వచ్చేవి పెద్ద ముక్కలు. అవి అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్‌కి అంటుకుంటాయి, అతను ప్లగ్ తీస్తే గోటికి తగిలేంత రేకులు దొరికాయి. ఈ ఒక్క సంగతి విడమరిచి రాయకపోతే ఆ "నార్మల్" రిపోర్టే లేఖను కొట్టిపారేస్తుంది.

అసలు భయపడాల్సింది అతను ఒక్క లైన్లో రాసి వదిలేశాడు. బెల్టు వెనక్కి జారకుండా ఆపే బ్యాక్‌స్టాప్ ఈ గేర్‌బాక్స్‌లో మోటారు వైపు షాఫ్ట్ మీదే ఉంది. దాని తర్వాత ఉన్న గేరు పళ్లు లేచిపోతే బ్యాక్‌స్టాప్‌కీ బెల్టుకీ సంబంధం తెగిపోతుంది, నిండు లోడుతో బెల్టు వెనక్కి పరుగెత్తి బొగ్గంతా కింద టెయిల్ పుల్లీ దగ్గర కుప్పపడుతుంది. అక్కడ ఊడ్చే కాంట్రాక్టు మనుషులుంటారు. ప్రొడక్షన్ నష్టం లెక్క కంటే ముందు ఇది రావాలి, బెల్టు నడుస్తున్నంతసేపూ, లోడుతో ఆగి ఉన్నప్పుడు కూడా అక్కడికి ఎవరూ వెళ్లకుండా ఇవాళే కంచె వేయాలని కూడా రాయాలి.

తేదీల లెక్క సులువే. సప్లయర్ 14 వారాలు అడుగుతున్నాడు, ప్లాంటు షట్‌డౌన్ పొంగల్‌కి. ఆగస్టు చివర్లో ఆర్డరు పెడితే డిసెంబరు మొదట్లో సరుకు గేటు దగ్గర ఉంటుంది. అక్టోబరు మొదటి వారం దాటితే పొంగల్ తప్పినట్టే. అప్పటిదాకా వారానికోసారి వైబ్రేషన్, అదే చోట, అదే లోడులో తీయాలి, ఎందుకంటే ఖాళీ బెల్టు మీద తీసిన రీడింగు అంతా బాగున్నట్టే చూపిస్తుంది. ప్లగ్ కూడా వారం వారం చూడాలి. రేకులు పెరిగితే ఫీడు తగ్గిస్తాం, ఆ పిల్ల గీతలు గత వారం కంటే ఒక్కసారిగా ఎగిసినా, కొత్త చప్పుడు వచ్చినా ఎవర్నీ అడక్కుండా షిఫ్ట్ ఇంజినీరే ఆపేస్తాడు. ఆ అధికారం మేనేజరు సంతకంతో ఇప్పుడే తీసుకోవాలి, రాత్రి రెండింటికి ఫోన్లు చేసి పర్మిషన్ అడిగే టైం ఉండదు.

ఇంకోటి, ఈ గేరు ఎందుకు పాడైందో లేఖలో లేదు. అడిగితే గేర్‌బాక్స్‌లోకి గాలి వచ్చిపోయే బ్రీదర్ బొగ్గు దుమ్ముతో పూడుకుపోయిందని, కిందటి వానల తర్వాత ఆయిల్ పాలలా తెల్లబడితే మార్చామని చెప్పాడు. నీళ్లు కలిసిన ఆయిల్‌తో పళ్ల మీద గుంటలు పడటంలో వింతేముంది? బ్రీదర్ పూడితే లోపలి వేడిగాలికి వేరే దారి ఉండదు, షాఫ్ట్ సీళ్ల దగ్గరే బయటికి తోసుకుంటుంది, బెల్టు ఆగి చల్లబడ్డప్పుడు అదే సందులోంచి తడిని లోపలికి లాక్కుంటుంది. కొత్తదాన్ని కూడా అదే పాత బ్రీదర్‌తో బిగిస్తే ఈశాన్య రుతుపవనాలకి మళ్లీ ఇదే కథ. తేమను పీల్చే బ్రీదర్, కొత్త సీళ్లు, బిగించేటప్పుడు బేస్ లెవెల్, కప్లింగ్ అలైన్‌మెంట్ చెక్ చేయడం, ఇవన్నీ గేర్‌బాక్స్ ఎస్టిమేట్‌లోనే కలిపి రాయమన్నాను. విడిగా రాస్తే కోత పడేది వాటికే.