నా పుస్తకంలో ఎనిమిదిని కొట్టేసి పదకొండు రాసిన బ్లూ పెన్ను గురించి

ఇప్పుడే పుస్తకం తిరిగొచ్చింది. భవిష్యత్తు చెప్పడానికి వాడే టారో బొమ్మల కార్డుల మీద పాపుస్ అనే రచయిత 1889లో ఫ్రెంచిలో రాసిన పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం. పదేళ్ల కింద పాత పుస్తకాల షాపులో నాలుగు వారాలు తిరిగి సంపాదించుకున్నది. నా దగ్గర కార్డులు నేర్చుకునే అమ్మాయి అడిగితే ఇచ్చాను. తెరిచి చూస్తే ఎనిమిదో కార్డు జస్టిస్ అని ఉన్న చోటల్లా 8 కొట్టేసి 11 అని రాసి ఉంది. పదకొండో కార్డు స్ట్రెంగ్త్ దగ్గర 8 అని. అది కూడా పెన్నుతో! బ్లూ పెన్నుతో! పెన్సిల్ అయినా రబ్బరుతో చెరిపేదాన్ని.

ఫోన్ చేసి అడిగాను. "అక్కా, ప్రింటింగ్ మిస్టేక్ కదా, నేను సరిచేసి పెట్టాను" అంది. మంచి చేశాననే అనుకుంటోంది పాపం. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. అది అచ్చుతప్పు అని ఆమెకు నేర్పిన వాళ్ల మీద ఉంది. డబ్బు కట్టి చేరిన ఆన్‌లైన్ క్లాసులో చెప్పారట, పాత పుస్తకాల్లో ఈ రెండు నంబర్లూ తప్పుగా వేశారని.

తప్పు కాదు. అసలు వరుస అదే. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో నికొలా కోన్వేర్ అచ్చువేసిన, 1760 అని తేదీ ఉన్న పేకలో చూడండి, జస్టిస్, అంటే త్రాసు పట్టుకున్న ఆవిడ ఎనిమిది, స్ట్రెంగ్త్, అంటే సింహం నోరు పట్టుకున్న ఆవిడ పదకొండు. అంతకు ముందు వందేళ్ల నుంచీ ఫ్రాన్స్‌లో ఎక్కువగా అదే వరుస. ఇంకా వెనక్కి వెళ్తే ఇటలీలో తొలినాటి కార్డుల మీద నంబర్లే లేవు, ఊరికో వరుసలో ఆడుకున్నారు. ఒక వరుసలో అయితే జస్టిస్ దాదాపు చివర్న, వరల్డ్ పక్కన ఉంటుంది. మరి ఆ క్లాసువాళ్ల లెక్కన ఊరంతా తప్పే అన్నమాట, 1909లో లండన్‌లో వచ్చిన ఒక్క డెక్ తప్ప.

ఆ డెక్ వెయిట్ అనే ఆయన రూపొందించి, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు వేసి, రైడర్ కంపెనీ అచ్చువేసినది. మనలో నూటికి తొంభై మంది దాంతోనే మొదలుపెట్టాం, నేనూ అంతే. అందులో స్ట్రెంగ్త్ 8, జస్టిస్ 11. ఎందుకు మార్చారో మీకెవరైనా చెప్పారా? నాకు నాలుగేళ్ల పాటు ఎవరూ చెప్పలేదు. కాబట్టి నేను చెప్తాను, మన తెలుగువాళ్లకైతే రెండు నిమిషాల్లో అర్థమయ్యే విషయం, ఎందుకంటే మనకు రాశులు మేషం నుంచి మీనం దాకా నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

1888లో లండన్‌లో గోల్డెన్ డాన్ అని ఒక రహస్య సంఘం పెట్టారు. వాళ్లు 22 పెద్ద కార్డులకు హీబ్రూలోని 22 అక్షరాలను వరసగా కట్టారు. ఫూల్ కార్డును అన్నిటికంటే ముందు, సున్నా దగ్గర పెట్టి, దానికి మొదటి అక్షరం ఆలెఫ్ ఇచ్చారు. ఆ అక్షరాల్లో మూడు తత్త్వాలకి, ఏడు గ్రహాలకి, పన్నెండు రాశులకి. ఈ పంచిపెట్టడం పాత యూదు గ్రంథం సెఫెర్ యెట్సిరా నుంచి వచ్చింది. అలా కార్డుల మీదకి దించితే ఎంపరర్ దగ్గర మేషం మొదలవుతుంది. ఐదు హయరోఫెంట్ వృషభం, ఆరు లవర్స్ మిథునం, ఏడు చారియట్ కర్కాటకం. ఎనిమిదో కార్డుకి సింహం, తొమ్మిది హెర్మిట్‌కి కన్య. పదో కార్డు చక్రం, దాని అక్షరం గ్రహాల కోటాలోది కాబట్టి గురుడికి పోతుంది. పదకొండో కార్డుకి తుల.

ఇప్పుడు పాత నంబర్లు పెట్టి చూడండి. ఎనిమిదిలో త్రాసు పట్టుకున్న ఆవిడకి సింహరాశి వచ్చింది. పదకొండులో సింహాన్ని పట్టుకున్న ఆవిడకి తులారాశి వచ్చింది. బొమ్మలో త్రాసుంటే తుల అని, సింహం ఉంటే సింహం అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. అందుకని వాళ్లు ఆ రెండు కార్డులనీ ఒకదాని చోట ఒకటి పెట్టేశారు. అంతే. మిగతా వరుస అంతా అలాగే ఉంచి, ఈ రెండే. ఆ సంఘంలో ఉన్న వెయిట్ తన డెక్‌లో ఆ మార్పునే అచ్చువేయించాడు.

కారణం ఉంది, అందమైన కారణం. కానీ అది వాళ్ల లెక్కకే కారణం. ఫూల్‌ని ముందు పెడితేనే ఈ పేచీ వస్తుంది. ఫ్రాన్స్‌లో ఎలిఫాస్ లేవి అనే రచయిత, ఆయన దారిలో పాపుస్ ఫూల్‌ని 20కీ 21కీ మధ్య పెట్టారు, మెజీషియన్‌కి మొదటి అక్షరం ఇచ్చారు. అప్పుడు ఎనిమిదో కార్డుకి ఎనిమిదో అక్షరం హేథ్, సింహరాశి అక్షరం తేత్ హెర్మిట్ మీదకి పోతుంది. త్రాసుకీ సింహానికీ గొడవే లేదు, మార్చే అవసరమే లేదు. నా పుస్తకంలో ఉన్నది ఆ లెక్క. ఆ అమ్మాయి 8 కొట్టేసి 11 రాసింది కానీ పక్కన హేథ్ అలాగే ఉంది, ఎనిమిదో అక్షరం. ఇప్పుడు ఆ పేజీ ఏ సంప్రదాయానికీ చెందదు. పాపుస్‌ది కాదు, గోల్డెన్ డాన్‌ది కాదు. పదకొండో నంబరు మీద ఎనిమిదో అక్షరం ఉన్న పేజీ ప్రపంచంలో నా దగ్గరే ఉంది. ఇంకో మాట: ఈ పుస్తకం ఇంగ్లీషు రెండో ముద్రణకి 1910లో ముందుమాట రాసినది ఆ వెయిటే. తన డెక్‌లో మార్చిన మనిషి కూడా ఇక్కడ పాపుస్ నంబర్ల జోలికి పోలేదు.

ఎందుకు దిద్దిందో అడిగితే చెప్పింది, అది విని నాకు ఇంకా బాధేసింది. క్లాసులో పుట్టినతేదీతో కార్డు తీయడం నేర్పారట. ఆమె తేదీ ఇక్కడ పెట్టను, అలాంటిదే ఒకటి తీసుకుందాం: 1997 జూన్ 12. 12, 6, 1997 కలిపితే 2015. ఆ అంకెలు కలిపితే 8. క్లాసులో "నీది స్ట్రెంగ్త్, సింహాన్ని ప్రేమతో లొంగదీసే మనిషివి" అన్నారు. ఆ అమ్మాయి ఉద్యోగం పోయిన రోజుల్లో ఆ మాట పట్టుకుని నిలబడింది. తర్వాత నా పుస్తకం తెరిస్తే ఎనిమిది జస్టిస్. రాత్రంతా టెన్షన్, "అయితే నేను స్ట్రెంగ్త్ కాదా అక్కా" అని. నిద్రపట్టక పెన్ను తీసింది.

తల్లీ, ఆ పద్ధతిలో నీ చేతికి వచ్చేది అంకె మాత్రమే. ఆ అంకెను ఏ డెక్ ముందు పెడితే ఆ బొమ్మ వస్తుంది. మార్సెయ్ డెక్ ముందు పెడితే త్రాసు, రైడర్ ముందు పెడితే సింహం. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఆ పిల్ల ఆ రాత్రి నిద్రపోయేది. డబ్బు తీసుకుని చెప్పకపోవడం నేను క్షమించలేను.

అలిస్టర్ క్రౌలీ అనే మంత్రవిద్య రచయిత డెక్ వాడేవాళ్లకైతే ఇంకా తిప్పలు. ఫ్రీడా హారిస్ బొమ్మలు వేసిన థోత్ డెక్‌లో ఆయన నంబర్లు పాతవే ఉంచాడు, త్రాసు ఆవిడ 8, సింహం ఆవిడ 11. పేర్లు మార్చి అడ్జస్ట్‌మెంట్, లస్ట్ అన్నాడు. రాశులు మాత్రం గోల్డెన్ డాన్ లెక్కే, 8కి తుల, 11కి సింహం. అంటే నంబరు చూసి పాత సంప్రదాయం అనుకుంటే అక్షరం దగ్గర దెబ్బతింటారు. అందుకే నంబరొక్కటే చూడొద్దు అని మొత్తుకుంటాను. పుస్తకం తెరవగానే ఎనిమిదిలో ఎవరున్నారో చూడండి, ఫూల్ ఎక్కడున్నాడో చూడండి, ఎనిమిది పక్కన ఏ అక్షరం ఉందో చూడండి. హేథ్ అయితే లేవి దారి. తేత్ ఉండి బొమ్మలో సింహం ఉంటే గోల్డెన్ డాన్, వెయిట్ దారి. తులారాశి అక్షరం లామెద్ ఉండి త్రాసు ఉంటే క్రౌలీ.

కార్డు అర్థం చదువుకోవడానికి ఇబ్బంది లేదు. పేరు పట్టుకుని చదవండి, పాత పుస్తకంలో జస్టిస్ కింద రాసింది మీ కొత్త డెక్‌లో జస్టిస్‌కి సరిపోతుంది. ఇబ్బంది వచ్చేది రచయిత వాదన వరుస మీద నిలబడినప్పుడు. 1 నుంచి 21 దాకా కార్డులను ఏడేసి చొప్పున మూడు వరసల్లో పరిచే పద్ధతి చాలామంది వాడతారు. పాత నంబర్లతో రెండో వరస జస్టిస్‌తో మొదలై, సరిగ్గా మధ్యలో స్ట్రెంగ్త్, చివర 14 టెంపరెన్స్. మూడు సద్గుణాలు మొదట, మధ్య, చివర. కొత్త నంబర్లతో మొదట స్ట్రెంగ్త్, మధ్యలో జస్టిస్. ఇరవై ఒక్క కార్డుల నడిమధ్యన త్రాసు ముల్లులా జస్టిస్ ఉంది చూశారా అని కొత్త రచయిత పేజీలు రాస్తే, అది నిజంగా బాగుంటుంది, కానీ మార్సెయ్ డెక్ పట్టుకుని చదివితే ఆ పేజీలో త్రాసు ఉండదు, సింహం ఉంటుంది. ఆ వాదనను నంబరు దిద్ది బాగుచేయలేం. ఆ అధ్యాయం వరకు ఆ రచయిత డెక్ పక్కన పెట్టుకుని చదవాలి, వేరే దారి లేదు.

నిజానికి నా కోపం క్లాసుల కంటే పాతది. 1888లో గోల్డెన్ డాన్ పెట్టినవాళ్లలో ఒకడైన మేథర్స్ అదే ఏడాది జనం కోసం టారో మీద చిన్న పుస్తకం వేశాడు. అందులో జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11! లోపల శిష్యులకు ఒకటి, బయట మనకి ఒకటి. వెయిట్ ఇంకా ఘోరం. తన పుస్తకంలో స్ట్రెంగ్త్ దగ్గర ఏం రాశాడంటే, నాకు సబబనిపించిన కారణాల వల్ల దీన్ని జస్టిస్‌తో మార్చాను, దీనివల్ల పాఠకుడికి పట్టేదేమీ లేదు కాబట్టి వివరించాల్సిన పని లేదు, అని. పట్టేదేమీ లేదట! సంఘంలో ప్రమాణం చేశాడు, చెప్పకూడదు, సరే. అప్పుడు "చెప్పలేను" అని రాయాలి. "నీకు అవసరం లేదు" అని రాయడానికి ఆయనెవరు? 1937 నుంచి రెగార్డీ అనే రచయిత ఆ సంఘం కాగితాలు చాలావరకు అచ్చువేశాక ఇక ఆ రహస్యం కూడా లేదు. అయినా నేను నేర్చుకునేటప్పుడు మా మేడమ్‌ని ఇదే అడిగితే "నంబర్లతో నీకేం పనమ్మా, కార్డు ఫీల్ అవ్వు" అంది. ఆవిడకీ తెలియదని ఇప్పుడు తెలుస్తోంది. తెలియదు అని ఒక్క మాట అనుంటే నేను నాలుగేళ్లు ముందే వెతుక్కునేదాన్ని.

ఆ అమ్మాయి కొత్త కాపీ కొనిస్తానంది. వద్దన్నాను. ఆదివారం రమ్మన్నాను, నా రెండు డెక్‌లూ, ఆ పుస్తకమూ ముందు పెట్టుకుని ఆ పేజీ ఇద్దరం కలిసి మొదటి నుంచి చదువుతాం. నా దగ్గర పుస్తకాలు తీసుకెళ్లిన మిగతావాళ్లు, దయచేసి ఏం దిద్దకుండా తెచ్చివ్వండి. సందేహం వస్తే పేజీలో చీటీ పెట్టండి, ఎంత రాత్రయినా ఫోన్ చేయండి.