'ఫ్లాష్ పడిందిలే' గారికి ఒక లేఖ

మహారాజశ్రీ 'ఫ్లాష్ పడిందిలే' గారికి,

నిన్న మా ఇంటివాళ్ల గ్రూపులోకి తమరు వేంచేసిన వేగం చూసి చేతులెత్తి మొక్కాలనిపించింది. చెల్లి తన రెండేళ్ల కూతురి ఫొటో పెట్టింది. పాప తిన్నగా కెమెరా వంకే చూస్తోంది. కుడి కనుపాప ఎర్రగా ఉంది, ఎడమది తెల్లగా. "వెంటనే కంటి డాక్టరుకు చూపించవే" అని నేను టైపు చేసేలోపే తమరు బాబాయి నోట వెలిశారు. ఆ వెనకే పిన్ని, పెదనాన్న.

అంతటితో ఆగినా బాగుండేది. మా తమ్ముడు ఆ తెల్లచుక్క మీద నల్లరంగు పులిమి, "ఇదిగో, సరిచేశా" అంటూ ఫొటో మళ్లీ పెట్టాడు. సరిచేశాడట! పిల్ల కన్ను చెప్పిన ఒకే ఒక్క మాటను వేలితో తుడిచేసి, పైగా చప్పట్ల బొమ్మలు! ఫోన్లో 'ఎర్రకన్ను తగ్గించు' అనే సెట్టింగూ తమ చుట్టమే. ముందే ఒక వెలుగు కొట్టి కనుపాపను కుంచింపజేస్తుంది, ఇలాంటి ఆనవాలు ఫొటోలో పడకుండా పోతుంది.

ఫ్లాష్ వెలుగు కంటిలోపలికి వెళ్లి, వెనకున్న రక్తనాళాల పొర నుంచి ఎర్రగా తిరిగొస్తుంది. మధ్యలో తెల్లనిదేదైనా ఉంటే తెల్లగా వస్తుంది. అది శుక్లం కావచ్చు, ఊడిన రెటీనా కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కేన్సర్ గడ్డ కూడా కావచ్చు. ఆ గడ్డ ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. మొదట్లో నొప్పీ ఉండదు. రెండో కంటితో చూస్తూ పిల్ల హాయిగా ఆడుకుంటుంది, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. గడ్డ కంట్లోనే ఉండగా పట్టుకుని వైద్యం చేస్తే చాలామంది పిల్లలు బతుకుతారు, కొందరికి కన్నూ నిలుస్తుంది. కంటినరం వెంట మెదడు వైపు పాకిందంటే ఆ భరోసా లేదు. తమరు అడిగే "కొన్నాళ్లు చూద్దాం" ఖరీదు అదీ!

ఒక్కోసారి తమ మాటా నిజమేనని ఒప్పుకుంటాను. పిల్ల చూపు కాస్త ముక్కువైపు తిరిగినప్పుడు ఫ్లాష్ పోయి కంటినరం మొదలు మీద పడుతుంది, ఏ రోగం లేకపోయినా తెల్లగా మెరుస్తుంది. అయితే ఆ తీర్పు చెప్పాల్సింది బాబాయి కాదు. చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక రెటీనాను అంచుల దాకా చూసిన డాక్టరు చెప్పాలి. ఊరికే టార్చి కొట్టి "బాగానే ఉంది" అంటే సరిపోదు.

పాత ఫొటోలు తిరగేశాను. చలికాలంలో తీసినదాంట్లోనూ అదే ఎడమ కన్ను, అదే తెలుపు. కింద బాబాయి చేత రాయించింది నువ్వే. అవును, నువ్వే! నీకు మర్యాద ఇక్కడితో సరి.

రేపు పొద్దున పాపకు చుక్కలు వేస్తారు. కదలకుండా ఉండకపోతే మత్తిచ్చి చూస్తారట. చెల్లి రంగు పులమని అసలు ఫొటోలు రెండూ పట్టుకెళ్తోంది. నువ్వు మాత్రం ఆ గుమ్మం తొక్కకు.

ఇట్లు,
పాప పెద్దమ్మ