జీతం 21,000 దాటిన నెలకే ఈఎస్‌ఐ ఆపించుకుంటే ఏం పోతుంది?

"జీతం ఇరవై ఒక్క వేలు దాటిందంటే ఆ నెల నుంచే ఈఎస్‌ఐ బంద్. ఇంకా కోస్తున్నరంటే కంపెనీ మీ పైసలు తింటున్నట్టే, అడిగి ఆపించుకోండ్రి. కోసినా 21,000 మీదనే కోయాలె. ఓటీతోని దాటినా అంతే. కార్డు గూడ ఆ నెలతోనే పనిచెయ్యది."
(వరంగల్, కరీంనగర్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్)

ఇందులో 21,000 అన్న అంకె ఒక్కటే నిజం. 2017 జనవరి 1 నుంచి ఉన్న పరిమితి అదే. వైకల్యం ఉన్న ఉద్యోగులకు 25,000. ఆ పరిమితిని ఏ రోజున చూడాలన్న దగ్గరే మెసేజ్ దారి తప్పింది. ఈఎస్‌ఐ లెక్కలో ఏడాదికి రెండు చందా కాలాలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. కాలం మొదలైన రోజున జీతం పరిమితి లోపల ఉంటే, మధ్యలో ఎంత పెరిగినా ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాల్సిందే. ఏప్రిల్ 1నో అక్టోబర్ 1నో పెంపు అమల్లోకి వస్తే మాత్రం అప్పటినుంచే బయటికి వస్తారు.

హనుమకొండలో ఒక ప్రైవేట్ ఆస్పత్రి స్టాఫ్ నర్సును తీసుకుందాం. 2024 ఏప్రిల్, మే నెలల్లో ఆమె జీతం 20,400. జూన్ నుంచి 22,500 అయింది. ఆమె చందా సెప్టెంబర్ దాకా నడుస్తుంది, అక్టోబర్ నుంచి ఆగుతుంది.

ఎంత మీద కోయాలి? మొత్తం 22,500 మీద. 21,000 దగ్గర ఆపే పద్ధతి ఈఎస్‌ఐలో లేదు. పీఎఫ్‌లో 15,000 మీద కట్టే వీలు ఉంది కదా, ఆ అలవాటే ఇక్కడ అంటించినట్టున్నారు. ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం, పైసలు వస్తే పై రూపాయికి సర్దుతారు. జూన్ నుంచి నర్సుకు నెలకు 169 రూపాయల కోత, ఆస్పత్రికి 732. చందా ఆగితే ఎవరికి ఎక్కువ మిగులుతుందో చూడండి, ఎవరు ఎవరి పైసలు తింటున్నారో తెలుస్తుంది.

కార్డు సంగతే అసలు నష్టం. ఏప్రిల్–సెప్టెంబర్ చందాకు ఫలితం దక్కేది మరుసటి జనవరి 1 నుంచి జూన్ 30 దాకా. ఆ ఆరు నెలల్లో జబ్బు సెలవుకు నగదు రావాలంటే చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. సెప్టెంబర్ దాకా కడితే నర్సుకు 183 రోజులు. మెసేజ్ నమ్మి జూన్‌లోనే ఆపించుకుంటే ఏప్రిల్ 30, మే 31, కలిపి 61. అర్హత పోయినట్టే.

ఆ అర్హత విలువ ఎంత? ఆరు నెలల జీతం 1,30,800ను 183 రోజులకు పంచితే రోజుకు సుమారు 715. అందులో 70 శాతం అంటే దాదాపు 500 రూపాయలు. ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ ఉండి, ఆ రోజులకు జీతం తీసుకోకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు (మామూలుగా మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు). ఆమె మిగుల్చుకునేది నాలుగు నెలలకు 676 రూపాయలు. రెండు రోజుల భత్యానికే అది చెల్లు.

ఓటీ ముచ్చట చిన్నది: పరిమితి దాటారా లేదా చూసేటప్పుడు ఓవర్‌టైం డబ్బు కలపరు. ఏయే అలవెన్సులు కలపాలన్నది వేరే చర్చ. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చాక వేతనం నిర్వచనమే మారింది.

తప్పు ఎక్కువగా జరిగేది నెలవారీ చందా ఫైలింగ్‌లో. అందులో `Out of Coverage` అనే కారణం ఏప్రిల్, అక్టోబర్ నెలలకే చెల్లుతుంది. వేరే నెలలో పెట్టినా ఉద్యోగి పేరు మళ్లీ జాబితాలో వస్తుంది. దాంతో పేరు పోవాలని `Left Service` అని పెట్టేవాళ్లున్నారు. రికార్డులో మీరు ఉద్యోగం మానేసినట్టు పడుతుంది.

esic.gov.in లో మీ ఈఎస్‌ఐ బీమా నంబర్ అయిన ఐపీ నంబర్‌తో లాగిన్ అయితే నెలవారీగా ఎన్ని రోజులకు, ఎంత జీతం మీద చందా పడిందో కనిపిస్తుంది. ఒక నెల చందాకు గడువు మరుసటి నెల 15. ఆ తేదీ దాటాక కూడా ఆ నెల వరుస ఖాళీగా ఉంటే హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే పే స్లిప్పులతో ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లండి. ఆలస్యానికి యాజమాన్యం ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టాలి. పాత నెలల్లో కోయని మీ వాటాను తర్వాతి జీతాల్లోంచి పట్టుకునే హక్కు కూడా దానికి లేదు, అదీ యాజమాన్యమే భరించాలి.